రీల్ కూపన్‌కు 118 ఆర్డర్లు, కరపత్రం కూపన్‌కు 9: ఈ లెక్కను నమ్మవచ్చునా?

ఊరగాయ జాడీ

అందరికీ నమస్కారం. మాది విజయవాడలో ఇంటివద్దనే నడుపుకునే పచ్చళ్ళ వ్యాపారం. వూకామర్స్‌తో కట్టించుకున్న సొంత వెబ్‌సైటులో ఆర్డర్లు తీసుకుంటాము. ఈ వేసవిలో కొత్త ఆవకాయ వచ్చినప్పుడు మూడు విధాలుగా ప్రచారం చేశాము. వంటకాల గురించి ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ చేసే ఒకరికి 15,000 రూపాయలు ఇచ్చి REEL15 అనే కూపన్‌తో 15 శాతం తగ్గింపు ప్రకటించాము. పటమట, మొగల్రాజపురం ప్రాంతాలలో వార్తాపత్రికల మధ్య పెట్టి కరపత్రాలు పంచడానికి అచ్చుతో కలిపి 9,000 రూపాయలు అయింది. వాటిపై PATRAM10 అనే కూపన్ వేశాము. పాత ఖాతాదారులకు వాట్సాప్‌లో JAADI10 పంపాము.

నెల రోజులలో 312 ఆర్డర్లు వచ్చాయి. REEL15 తో 118, PATRAM10 తో 9, JAADI10 తో 61, ఏ కూపన్ లేకుండా 124. ఇక కరపత్రాలు మానివేసి, ఆ డబ్బుతో ఇంకొక రీల్ చేయించాలని మా వారు అంటున్నారు. ఆ కూపన్ లేని 124 మంది ఎక్కడి నుంచి వచ్చారో తెలియకుండా నిర్ణయం తీసుకోవడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

క్లిక్కుల కాపలా

అమ్మా, కూపన్లతో లెక్క పెట్టడం దుకాణాల కాలపు పద్ధతి. ప్రతి ప్రచారానికీ వేరే లింకు తయారు చేసి, దాని చివర utm_source, utm_medium, utm_campaign అనే మూడు గుర్తులు తగిలిస్తే చాలు. ఎవరు ఏ లింకు నొక్కి వచ్చి, ఎంత కొన్నారో గూగుల్ అనలిటిక్స్ చూపిస్తుంది. ఇలా:

```
https://example.com/avakaya/?utm_source=instagram&utm_medium=reel&utm_campaign=avakaya
```

మీరు ఈ గుర్తులు పెట్టి ఉంటే ఇంత అయోమయం ఉండేది కాదు. కూపన్ ఎందుకు, తగ్గింపు ఎందుకు?

నేత మగ్గం

మాది మంగళగిరి చీరల వ్యాపారం. నా అనుభవంలో 15 శాతం చాలా ఎక్కువ. పండుగకు 10 మించి ఇవ్వవద్దు. ఒకసారి మేము ఫేస్‌బుక్‌లో 20 శాతం కూపన్, ప్రదర్శనలో పంచిన కార్డుపై 10 శాతం కూపన్ పెట్టాము. ప్రదర్శనలో మా స్టాలు ముందే నిలబడి చీర చూసినవారు కూడా ఫోను తీసి ఫేస్‌బుక్ కూపన్ వెతికి వాడుకున్నారు. ఎంత తగ్గింపు ఇవ్వాలన్నదే మీ ప్రశ్న అయితే నా సమాధానం ఇది.

లెక్కల పుస్తకం

నేత మగ్గం గారూ, వారు అడిగింది తగ్గింపు ఎంత ఉండాలని కాదు గాని, మీరు చెప్పిన ఉదంతం ఈ ప్రశ్నకు నేరుగా తగులుతుంది. రెండు కూపన్ల తగ్గింపు వేరువేరుగా ఉంటే, మనిషి తనను తీసుకువచ్చిన కూపన్‌ను కాక తనకు లాభమైన కూపన్‌ను వాడుతాడు. ఇక్కడ కూడా ఒకటి 15, మిగిలినవి 10. కాబట్టి REEL15 కింద పడిన 118 లో కొందరు కరపత్రం చూసి వచ్చి, చెల్లింపు పేజీలో కూపన్ పెట్టె కనబడగానే మెరుగైనది ఉందేమోనని వెతికినవారు కావచ్చు.

జాడీ గారూ, కూపన్ చెప్పేది ఎవరు ఆ అక్షరాలను టైపు చేశారన్న సంగతి మాత్రమే. ఎవరు ఎందువల్ల వచ్చారన్నది దాని వెనుక ఉంటుంది. అయితే మీ దగ్గర ఉన్న ఆర్డర్ల నుంచే చాలా సంగతులు తీయవచ్చు. REEL15 వాడిన 118 ఆర్డర్లనూ ఒక షీటులో వేసి, ఒక్కొక్క దానికి మూడు విషయాలు రాయండి. ఆ ఫోను నంబరుతో ఇంతకుముందు ఆర్డరు ఉన్నదా, ఆర్డరు తేదీ ఏమిటి, ఆర్డరు తెరిచినప్పుడు కుడివైపు కనబడే ఆట్రిబ్యూషన్ పెట్టెలో మూలం అని ఏమి ఉన్నది. వూకామర్స్ 8.5 నుంచి ఆ పెట్టె దానంతట అదే వస్తుంది. అంతకంటె పాతది వాడుతుంటే మూడో గడి ఖాళీగా ఉంటుంది.

పాతవారా కొత్తవారా అన్నది మాత్రం ఈమెయిలుతో చూడకండి. ఖాతా తెరవకుండా కొనేవారిని వూకామర్స్ ఈమెయిలును బట్టి గుర్తిస్తుంది. మన ఖాతాదారులు ఒకసారి తమ ఈమెయిలు, మరొకసారి కొడుకు ఈమెయిలు ఇస్తారు. పార్సిలు అందాలి కనుక ఫోను నంబరు మాత్రం సరిగానే ఇస్తారు.

ఊరగాయ జాడీ

మా అమ్మాయి, నేను రెండు రాత్రులు కూర్చుని వేశాము. 118 లో 41 ఆర్డర్లు పాత నంబర్ల నుంచే వచ్చాయి. అంటే వాట్సాప్‌లో JAADI10 అందుకున్నవారిలోనే చాలామంది దానిని పక్కనబెట్టి REEL15 వాడుకున్నారు. మిగిలిన 77 కొత్తవి. వాటిలో 29 ఆర్డర్లకు మూలం Organic: Google అని ఉంది. ఇంకొక వింత ఏమిటంటే, రీల్ వచ్చిన మొదటి వారంలో ఇలాంటివి మూడు మాత్రమే ఉన్నాయి. పదవ రోజు తర్వాతనే ఎక్కువయ్యాయి.

లెక్కల పుస్తకం

అది వింత కాదండి, మీ కూపన్ బయటికి పొక్కినదనడానికి గుర్తు. రీల్ ప్రభావం సాధారణంగా మొదటి రోజుల్లో ఎక్కువగా ఉండి క్రమంగా తగ్గుతుంది. దానికి విరుద్ధంగా ఒక కూపన్ వాడకం ఆలస్యంగా పెరగడం మొదలుపెట్టి, ఆ ఆర్డర్లన్నీ గూగుల్ వెతుకులాట నుంచి వస్తుంటే, కూపన్లు పోగుచేసే ఏదో ఒక సైటులో అది చేరి ఉండవచ్చు. గూగుల్‌లో మీ వెబ్‌సైటు పేరుతో పాటు కూపన్ అనే మాట కలిపి వెతికి చూడండి.

ఊరగాయ జాడీ

వెతికాను. మీరు అన్నట్టే రెండు సైటులలో REEL15 కనబడింది. ఒక దానిలో "ఈ రోజు పని చేస్తున్నది" అని పచ్చని గుర్తు కూడా పెట్టారు. వెంటనే కూపన్ ఆపివేశాను.

లెక్కల పుస్తకం

మంచి పని చేశారు. అయితే ఆ 29 మందిలో రీల్ చూసి, తర్వాత గూగుల్‌లో మీ పేరు వెతుక్కుని వచ్చినవారు కొందరు ఉండే అవకాశాన్ని కొట్టివేయలేము. కఠినంగా లెక్కవేస్తే రీల్ తెచ్చిన కొత్తవారు 48, ఉదారంగా వేస్తే 77. ఏ విధంగా చూసినా 118 మాత్రం కాదు.

ఖర్చు కూడా పూర్తిగా పెట్టాలి. మీ సగటు ఆర్డరు ఎంత?

ఊరగాయ జాడీ

సుమారు 900 రూపాయలు.

లెక్కల పుస్తకం

అయితే 15 శాతం అంటే ఆర్డరుకు 135 రూపాయల తగ్గింపు. కొత్తవారికే కాదు, ఎలాగూ కొనే పాతవారికి కూడా దానిని మీరు ఇచ్చారు కనుక 118 ఆర్డర్లకూ లెక్కగట్టాలి. 15,930 రూపాయలు అవుతుంది. రీల్ రుసుము 15,000 కలిపితే 30,930. 48 మంది కొత్త ఖాతాదారులు అనుకుంటే తలకు సుమారు 644 రూపాయలు, 77 అనుకుంటే సుమారు 402. రుసుమును మాత్రమే 118 తో భాగించి, తలకు 127 అనుకుని మీ వారు మాట్లాడుతున్నారని నా అనుమానం.

ఊరగాయ జాడీ

అక్షరాలా ఆయన చెప్పిన అంకె అదే.

క్లిక్కుల కాపలా

ఇదంతా చూస్తే నేను మొదట చెప్పినదే నిజమని తేలుతోంది కదా. లింకు గుర్తులు ఉండి ఉంటే ఈ 29, 41 అనే తవ్వకం అవసరం ఉండేది కాదు.

లెక్కల పుస్తకం

సగం నిజం. లింకులకు గుర్తులు పెట్టి తీరాలి, ఆ మాటలో నాకు భేదం లేదు. అయితే అవి ఎక్కడ జారిపోతాయో కూడా చెప్పుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో నొక్కిన లింకు ఆ యాప్‌లోని బ్రౌజరులోనే తెరుచుకుంటుంది. మనిషి అక్కడ ధర చూసుకుని, సాయంత్రం ఇంట్లో అడిగి, రాత్రి క్రోమ్‌లో సైటు పేరు టైపు చేసి కొంటే, రెండు బ్రౌజర్ల కుకీలు వేరు కనుక ఆ ఆర్డరు (direct) / (none) కింద, అంటే మూలం తెలియనివాటి కింద పడుతుంది. దీనికి తోడు రీల్ కింది వివరణలో రాసిన లింకు నొక్కడానికి పనికిరాదు. ప్రొఫైల్‌లోని లింకు గాని, స్టోరీలోని లింకు స్టిక్కరు గాని ఉండాలి. కొందరు అంత దూరం వెళ్ళకుండా పేరు గుర్తుపెట్టుకుని నేరుగా వస్తారు. వీరిని పట్టేది కూపన్ ఒక్కటే.

రెండవది వాట్సాప్. అక్కడ గుర్తు లేని లింకు నొక్కి వచ్చినవారు ఎక్కడి నుంచి వచ్చారో సైటుకు సాధారణంగా తెలియదు కనుక, అక్కడ పంపే లింకుకు గుర్తు తప్పనిసరి. అయితే utm_source=instagram ఉన్న పేజీ చిరునామానే ఎవరైనా కాపీ చేసి కుటుంబ గ్రూపులో పెడితే, ఆ గ్రూపు వారందరూ ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో జమ అవుతారు.

ఇక నేను తరచు చూసే పొరపాట్లు రెండు. ఒకరోజు Instagram అని, మరొక రోజు instagram అని రాయడం. అనలిటిక్స్ వాటిని రెండు వేరు మూలాలుగా చూపిస్తుంది. రెండవది మరీ చేటు. సొంత సైటులోని బ్యానరు లింకుకు కూడా utm గుర్తులు తగిలిస్తారు. అప్పుడు కరపత్రం చూసి వచ్చిన మనిషి లోపల బ్యానరు నొక్కగానే అసలు మూలం పోయి, ఆ ఆర్డరు బ్యానరు పేరున రాసుకుంటుంది.

క్లిక్కుల కాపలా

బ్యానరు సంగతి మాత్రం ఇప్పుడే మా సైటులో సరిచేసుకుంటున్నాను. నవ్వకండి.

అచ్చు వీధి

నేను కరపత్రాలు అచ్చువేసేవాడిని కనుక నా వైపు మాట కూడా వినండి. PATRAM10 తో 9 వచ్చాయంటే కరపత్రం పనిచేయలేదని అనుకోవద్దు. పొద్దున కాఫీతో పాటు చూసిన కాగితంపై కూపన్ ఉన్నదన్న సంగతి రాత్రి ఆర్డరు పెట్టేటప్పుడు ఎవరికి గుర్తుంటుంది? కాగితం అప్పటికి ఏ డబ్బా కిందికో పోయి ఉంటుంది. మీ కరపత్రంపై క్యూఆర్ ఉన్నదా? ఉంటే దానిలో ఏ చిరునామా పెట్టారు?

ఊరగాయ జాడీ

క్యూఆర్ ఉంది. సైటు మొదటి పేజీ చిరునామా మాత్రమే పెట్టారు.

అచ్చు వీధి

అదే పొరపాటు. అచ్చయిన తర్వాత క్యూఆర్‌ను మార్చలేము. అందువల్ల నేను ఖాతాదారులకు చెప్పేది ఏమిటంటే, క్యూఆర్‌లో example.com/p1 వంటి చిన్న చిరునామా పెట్టి, అది ఎక్కడికి పోవాలో సైటు వైపు నుంచి నడపమని. పటమట కాగితానికి p1, మొగల్రాజపురం కాగితానికి p2. చిన్న చిరునామా అయితే క్యూఆర్‌లో గళ్ళు కూడా పెద్దవిగా వచ్చి, నాసిరకం కాగితంపై సైతం ఫోనుకు సులభంగా అందుతుంది. కింద అదే చిరునామాను అక్షరాలలో కూడా అచ్చువేయాలి.

లెక్కల పుస్తకం

చక్కగా చెప్పారు. సైటు అపాచీ సర్వరుపై ఉంటే .htaccess లో ఈ ఒక్క వరుస చాలు:

```
Redirect 302 /p1 https://example.com/avakaya/?utm_source=pamphlet&utm_medium=print&utm_campaign=avakaya&utm_content=p1
```

302 కు బదులు శాశ్వత మళ్ళింపు అయిన 301 వాడితే బ్రౌజరు దానిని గుర్తుపెట్టుకునే వీలుంది కనుక, తర్వాత గమ్యం మార్చినా పాతచోటికే తీసుకుపోవచ్చు. కాగితం అచ్చుకు పోయేముందు మీ ఫోనుతో ఒకసారి స్కాన్ చేసి, తెరుచుకున్న పేజీ చిరునామాలో utm గుర్తులు చివరిదాకా మిగిలి ఉన్నాయో లేదో చూడండి. మధ్యలో www కు మళ్ళించే అమరిక ఏదైనా ఉంటే అది గుర్తులను రాల్చివేయడం నేను రెండు సైటులలో చూశాను.

అది వచ్చే సారికి. ఈ సారి కరపత్రం లెక్కను పిన్‌కోడ్లతో పట్టవచ్చు. కరపత్రం పడిన ప్రాంతాల పిన్‌కోడ్లకు ప్రచారానికి ముందు 30 రోజుల్లో ఎన్ని ఆర్డర్లు వచ్చాయి, తర్వాత 30 రోజుల్లో ఎన్ని? అలాగే కరపత్రం పడని, కాని ఇంచుమించు అలాంటివే అయిన విజయవాడ ప్రాంతాలకు ఎన్ని?

ఊరగాయ జాడీ

పంచిన ప్రాంతాలలో ముందు 11, తర్వాత 38. పంచని భవానీపురం, గుణదల వైపు ముందు 14, తర్వాత 19.

లెక్కల పుస్తకం

పంచని చోట 14 నుంచి 19 కి పెరిగినది ఆవకాయ రోజులు, మీ రీల్, మీ వాట్సాప్ అన్నీ కలిసి తెచ్చిన పెరుగుదల. అదే నిష్పత్తిలో పంచిన చోట 11 కాస్తా 15 అయ్యేవి. 38 వచ్చాయి కనుక అదనంగా వచ్చిన 23 ఆర్డర్లను కరపత్రం ఖాతాలో వేయవచ్చు. వాటిలో కూపన్ వాడినవి 9 మాత్రమే. మిగిలిన 14 ఇన్నాళ్ళూ మీకు కూపన్ లేని 124 లో గాని, REEL15 లో గాని దాగి ఉన్నాయి. ఖర్చు 9,000, తొమ్మిది కూపన్ల తగ్గింపు 810, మొత్తం 9,810. ఆర్డరుకు సుమారు 427 రూపాయలు.

టెక్సాస్ గోంగూర

ఒక సందేహం. నేను అమెరికా నుంచి మా అత్తగారింటికి పటమటకు పచ్చళ్ళు ఆర్డరు పెడుతుంటాను. మా మిత్రులలో కూడా చాలామంది అంతే. మేము రీల్ చూసి కొంటాము, పార్సిలు పటమటకు పోతుంది, మీ లెక్కలో అది కరపత్రం అవుతుంది. ఇది ఎలా?

లెక్కల పుస్తకం

నాకు తోచనిది మీరు చెప్పారు. వూకామర్స్‌లో బిల్లింగ్ చిరునామా, డెలివరీ చిరునామా వేరువేరుగా ఉంటాయి. రెండూ ఒక్క ఊరివి కాని ఆర్డర్లను తీసివేసి మళ్ళీ లెక్కించాలి. నాలుగు అంకెలలోనూ తీసివేయాలి, ఒక్క 38 లో కాదు.

ఊరగాయ జాడీ

తీశాను. పంచిన చోట 11 కాస్తా 10, 38 కాస్తా 33. పంచని చోట 14 కాస్తా 13, 19 కాస్తా 17 అయ్యాయి.

లెక్కల పుస్తకం

అప్పుడు 10 కాస్తా 13 అయి ఉండేవి, 33 వచ్చాయి, అదనం 20. ఆర్డరుకు సుమారు 490 రూపాయలు. రీల్‌కు 402 నుంచి 644 మధ్య, కరపత్రానికి 490. అంటే 118 కి 9 అన్నంత అంతరం లేదు. ఏది చవక అన్నది మాత్రం ఈ అంకెలతో నేను చెప్పలేను. 10, 13 వంటి చిన్న అంకెలలో ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయినా ఫలితం కదులుతుంది.

క్లిక్కుల కాపలా

ఒక అభ్యంతరం. పోలిక సరిసమానంగా లేదు. కరపత్రానికి కూపన్ వాడనివారిని కూడా పిన్‌కోడ్ ద్వారా వెతికి జమ చేశారు. పైగా ఆ 20 లో పాత నంబర్ల వారు ఉన్నారో లేదో చూడలేదు. రీల్‌కు మాత్రం కూపన్ వాడిన కొత్తవారినే లెక్కించారు. రీల్ చూసి కూపన్ మరచిపోయి హైదరాబాదు నుంచో, బెంగళూరు నుంచో కొన్నవారు 124 లో ఉండరా?

లెక్కల పుస్తకం

తప్పక ఉంటారు, మీ అభ్యంతరం న్యాయమైనదే. రీల్‌కు పంచిన ఊరు, పంచని ఊరు అనే విభజన లేదు కనుక పిన్‌కోడ్ పద్ధతి దానికి పనికిరాదు. నాకు తెలిసినంతలో మిగిలిన మార్గం చెల్లింపు పేజీలో "మా గురించి మీకు ఎలా తెలిసింది?" అని ఒక ప్రశ్న పెట్టడం. నాలుగైదు ఎంపికలు ఇచ్చి, తప్పనిసరి చేయకుండా, ఎంపికల వరుసను మధ్యమధ్యలో మార్చుతూ ఉండాలి. లేకపోతే మొదటి దానినే నొక్కిపోయేవారు ఎక్కువవుతారు. ఆ జవాబు కూడా జ్ఞాపకంపై ఆధారపడినదే, కాని కూపన్ గాని లింకు గాని పట్టలేని వారి గురించి ఎంతో కొంత చెబుతుంది.

నేత మగ్గం

మాకు సగానికి పైగా ఆర్డర్లు వాట్సాప్‌లో మాటల మీదనే అవుతాయి. చెల్లింపు పేజీ అనేదే లేదు. మాకు ఇవన్నీ ఎలా కుదురుతాయి?

లెక్కల పుస్తకం

మీకు ఇంకా సులభం. wa.me లింకులో ముందుగానే కొన్ని మాటలు నింపి పెట్టవచ్చు. నొక్కినవారి ఫోనులో ఆ మాటలు రాసి సిద్ధంగా ఉంటాయి, వారు పంపితే చాలు.

```
https://wa.me/91XXXXXXXXXX?text=Cheeralu%20kavali%20F2
```

దేశపు సంకేతం 91 తో మొదలుపెట్టాలి. ముందు ప్లస్ గుర్తు గాని సున్నా గాని ఉండకూడదు. చివరి F2 ఫేస్‌బుక్‌కు, K1 కార్డుకు అని మీరు అనుకుంటే, సందేశం చూడగానే మూలం తెలుస్తుంది. ఆ గుర్తును చెరిపివేసి పంపేవారు కొందరు ఉంటారు, వారిని మాటల్లో అడగవచ్చు.

ఊరగాయ జాడీ

అందరికీ కృతజ్ఞతలు. మా వారితో కలిసి ఇలా అనుకున్నాము. ఉసిరి పచ్చడి రోజులకు రీల్ కూపన్, కరపత్రం కూపన్ రెండింటికీ 10 శాతమే పెడతాము. ఒక్కొక్కరు ఒకసారి మాత్రమే వాడేలా పరిమితి, రీల్ కూపన్‌కు 7 రోజుల గడువు పెడతాము. కరపత్రాలు ఈసారి భవానీపురంలో పంచి, పటమటను ఖాళీగా వదులుతాము.

తేలనిది ఒకటి మిగిలింది. JAADI10 వాడిన 61 మంది అందరూ పాతవారే. వారు కూపన్ పంపకపోయినా కొనేవారేనా?

లెక్కల పుస్తకం

దానికి మీ జాబితాను రెండుగా చీల్చాలి. చివరి అంకె సరిసంఖ్య అయిన ఫోను నంబర్లకు మొదట పంపి, బేసిసంఖ్య వారికి పది రోజులు ఆగి పంపండి. ఆ పది రోజులలో కూపన్‌తో గాని లేకుండా గాని ఏ సగం ఎన్ని ఆర్డర్లు పెట్టిందో చూడండి. సగం జాబితాలో ఎంతమంది ఉంటారు?

ఊరగాయ జాడీ

మొత్తం 640 మంది. సగం 320. కాని భార్య నంబరు సరిసంఖ్య, భర్త నంబరు బేసిసంఖ్య అయిన ఇళ్ళు మా జాబితాలో కనీసం ముప్పై ఉన్నాయి. ఒకరికి పంపితే ఇద్దరికీ పంపినట్టే. వారిని రెండు వైపుల నుంచీ తీసివేస్తాను.